6 కిలోబిట్లకు దించినా కాల్ తెగుతూనే ఉంది, గొంతు కూడా మొద్దుబారింది

హంద్రీనీవా_రవి (అనంతపురం)

అందరికీ నమస్కారం. మా రైతు సంఘం తరఫున చిన్న కాలింగ్ సర్వీసు నడుపుతున్నాం. ఊళ్లో రైతు ఫోన్లో లింకు నొక్కితే చాలు, అనంతపురంలో కూర్చున్న పశువైద్యుడితో బ్రౌజర్‌లోనే మాట్లాడొచ్చు. టౌన్లో బాగానే ఉంది. ఉరవకొండ, రాయదుర్గం వైపు ఊళ్లకు పోతే సిగ్నల్ అంతంత మాత్రం, అక్కడే మొదలవుతుంది తంటా.

మొదట మాటను కుదించి పంపే ఓపస్ కోడెక్‌ను సెకనుకు 24 కిలోబిట్ల దగ్గర పెట్టాం. మాటలు మధ్యమధ్య తెగేవి. డేటా బరువు తగ్గిస్తే తెగడం తగ్గుతుందని 6 కిలోబిట్లకు దించాం. తెగడం అలాగే ఉంది. పైగా ఇప్పుడు గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉందని రైతులు అంటున్నారు. ఆవుకు మందు ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కించాలో డాక్టరు గారు చెబుతుంటే అవతల సరిగా వినపడకపోతే ఎంత టెన్షనో మీరే ఊహించుకోండి.

ఇప్పుడున్న సెట్టింగ్ ఇదీ:

```
a=rtpmap:111 opus/48000/2
a=fmtp:111 minptime=10;useinbandfec=1;maxaveragebitrate=6000
```

6 కంటే కిందకు పోయే కోడెక్ ఏదైనా ఉందా? లేకపోతే ఇంకెక్కడ తగ్గించాలి?

గండికోట_కుర్రోడు (కడప)

రవన్నా, నేను ఈసీఈ ఫైనలియర్. మామూలు 2జీ ఫోన్లలో ఉండే ఏఎంఆర్ కోడెక్ 4.75 కిలోబిట్లతో కూడా నడుస్తుంది. అంత పాత నెట్‌వర్క్‌లో 4.75తో మాట అర్థమవుతుంటే 4జీలో 6 ఎందుకు సరిపోదు? నాకనిపించేదేంటంటే ఓపస్ పాటల కోసం కూడా చేసింది కాబట్టి తక్కువ రేటులో మాటకు పనికిరాదు. ఏఎంఆర్‌కు మారండి. కొత్త న్యూరల్ కోడెక్‌లు 3 కిలోబిట్లలోనే శుభ్రంగా వినిపిస్తాయి, గూగుల్ వాళ్ల లైరా అలాంటిదే. అది పెడితే మీ బరువు సగానికి సగం తగ్గిపోతుంది.

బురుజు_నీడ (కర్నూలు)

రవి గారూ, 6 కంటే కిందకు పోయే కోడెక్‌లు ఉన్నాయి. కానీ మీ సమస్య అక్కడ లేదని నా అనుమానం. నేను చాలా ఏళ్లు టెలికాం వాయిస్ విభాగంలోనే పనిచేశాను, ఈ లెక్క ఎన్నోసార్లు వేశాను. ఒకసారి మీరూ వేయండి.

ఓపస్ మామూలుగా 20 మిల్లీసెకండ్ల మాటను ఒక ప్యాకెట్‌లో పెడుతుంది. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. 6 కిలోబిట్ల దగ్గర ఒక్కో ప్యాకెట్‌లో మాట ఎంత? 15 బైట్లు. దాని మీద ఐపీ హెడర్ 20, యూడీపీ 8, ఆర్‌టీపీ 12 బైట్లు. బ్రౌజర్ కాల్ కాబట్టి ఎన్‌క్రిప్షన్ కోసం చివర్లో ఇంకో 10. మొత్తం 50 బైట్లు. 15 బైట్ల ఉత్తరానికి 50 బైట్ల కవరు అన్నమాట. రెండూ కలిపి గాలిలో పోయేది సెకనుకు 26 కిలోబిట్లు.

24 దగ్గర ఉన్నప్పుడు ఎంత పోయేది? మాట 60 బైట్లు, పైన అదే 50, మొత్తం 44 కిలోబిట్లు. అంటే గొంతును నాలుగోవంతుకు కుదించారు, లైను మీద భారం మాత్రం సగం కూడా తగ్గలేదు. సెకనుకు పోయే ప్యాకెట్లు అప్పుడూ 50, ఇప్పుడూ 50. బలహీనమైన సిగ్నల్ దగ్గర ఫోన్ ప్రతి ప్యాకెట్‌నూ విడిగా టవర్‌కు చేర్చాలి కదా, ఆ పని ఏమాత్రం తగ్గలేదు.

ఇప్పుడు ఇది చూడండి. 40 మిల్లీసెకండ్ల మాటను ఒకే ప్యాకెట్‌లో పెట్టి, 16 కిలోబిట్లకు పెంచండి. మాట 80 బైట్లు, పైన 50, సెకనుకు 25 ప్యాకెట్లు. గుణిస్తే సరిగ్గా 26 కిలోబిట్లు. మీరు ఇప్పుడు ఖర్చు పెడుతున్నంతే. దానికే గొంతుకు రెండున్నర రెట్లు ఎక్కువ బిట్లు దొరుకుతాయి.

మీ రైతుల ఫోన్లు ఐపీ వెర్షన్ 6 మీద ఉంటే తేడా ఇంకా పెద్దది, ఎందుకంటే అక్కడ ఐపీ హెడర్ ఒక్కటే 40 బైట్లు. ఆ లెక్కలో మీ 6 కిలోబిట్ల కాల్ 34 తింటుంది, నేను చెప్పిన 16 కిలోబిట్ల కాల్ 30తో సరిపెట్టుకుంటుంది.

అయితే ఏదీ మార్చకముందు ఒక పని చేయండి. డాక్టరు గారి కంప్యూటర్‌లో క్రోమ్‌లో `chrome://webrtc-internals` తెరిచి పెట్టి, ఒక చెడ్డ కాల్ జరుగుతున్నంతసేపు చూడండి. లోపలికొచ్చే ఆడియో కింద `packetsLost`, `concealedSamples`, `totalSamplesReceived` అని ఉంటాయి. `concealedSamples` అంటే మాట అందక బ్రౌజర్ ఊహించి నింపిన శబ్దం. ఆ మూడు అంకెలూ ఇక్కడ పెట్టండి. తర్వాత మాట్లాడదాం.

ప్రొద్దుటూరు_అక్క (కడప)

ఇక్కడ ఫోన్లో మాట సరిగా వినపడకపోవడం గురించే మాట్లాడుతున్నారు కదా, నాదీ అదే కష్టం. మా ఇంటాయన కువైట్‌లో ఉంటారు. నెట్ బాలేనప్పుడు మామూలు కాల్ చేస్తారు. పోయిన నెల బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఫోన్లో చెప్పాను, నేను ‘ఎస్’ అన్నది ఆయనకు ‘ఎఫ్’ అని వినపడింది. డబ్బులు పోలేదు గానీ, పంపడం ఆగిపోయి మళ్లీ మొదటికొచ్చింది. నా ఫోన్ కొత్తదే, సిగ్నల్ నిండుగా ఉంది, మాట ఎక్కడా తెగలేదు. ఫోన్ మార్చాలా?

బురుజు_నీడ (కర్నూలు)

అక్కా, ఫోన్ మార్చాల్సిన పని లేదు. మీది రవి గారి సమస్య కాదు. ఆయన దగ్గర ప్యాకెట్లు దారిలో పోతున్నాయి. మీ దగ్గర ఏదీ పోలేదు, అసలు ఆ శబ్దాన్ని లైను ఎక్కించుకోలేదు.

‘స’ అన్నప్పుడు పళ్ల సందులోంచి వచ్చే బుస ఉంటుంది చూడండి, దాని బలమంతా 4,000 హెర్ట్జ్ పైనే ఉంటుంది. మామూలు టెలిఫోన్ లైను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. పైన కోసేస్తే ‘ఎస్’లో మిగిలేది ముందున్న ‘ఎ’, తర్వాత ఏదో గాలి. ‘ఎఫ్’లో మిగిలేదీ అంతే. చెవి ఊహించుకోవాల్సిందే. మామూలు మాటల్లో సందర్భాన్ని బట్టి మనసు సర్దుకుంటుంది. కోడ్‌లో సందర్భం ఉండదు కాబట్టి దొరికిపోతాం.

ఇక్కడ 4జీ ఫోన్ నుంచి 4జీ ఫోన్‌కు చేస్తే సాధారణంగా వైడ్‌బ్యాండ్ కోడెక్ నడుస్తుంది, అది 7,000 దాకా మోస్తుంది, అందుకే గొంతు పక్కనే ఉన్నట్టు వినపడుతుంది. దేశం దాటే మామూలు కాల్ చాలాసార్లు మధ్యలో పాత ఇరుకు లైనులోకి మారుతుంది. ఒక చివర ఎంత మంచి ఫోన్ ఉన్నా ఆ మధ్య ముక్క కోసింది తిరిగి రాదు. అక్షరాలు చెప్పేటప్పుడు ‘ఎస్ అంటే సీత, ఎఫ్ అంటే ఫ్యాను’ అని పేరుతో చెప్పండి. ఇంకా మంచిది, కోడ్‌ను మెసేజ్‌లో పంపేయండి.

ప్రొద్దుటూరు_అక్క (కడప)

అంటే తప్పు నా నోటిదీ కాదు, ఆయన చెవిదీ కాదు. ఈ మాట ఆయనకు చదివి వినిపిస్తాను. శానా థ్యాంక్స్ అన్నా.

గండికోట_కుర్రోడు (కడప)

బురుజు సార్, ప్యాకెట్ లెక్క ఒప్పుకుంటాను, హెడర్ సంగతి నేను ఆలోచించలేదు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. 2జీలో 4.75 పనిచేస్తోంది కదా. అక్కడ సిగ్నల్ ఇంకా అధ్వానంగా ఉన్నా మాట్లాడుకుంటున్నాం కదా.

ఇంకోటి. ఈ కోడెక్‌లన్నీ ఇంగ్లిష్ మాట మీద తయారైనవి. మన ళ, ణ, ఒత్తులు వీటికి తెలియవు. తెలుగు కాల్స్ చెడిపోవడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

బురుజు_నీడ (కర్నూలు)

తమ్ముడూ, నీ మొదటి ప్రశ్న చాలా మంచిది. దీనికి జవాబు తెలిస్తే రవి గారి సమస్య సగం విడిపోతుంది.

2జీలో ఒక కాల్‌కు పూర్తి ఛానల్ ఇస్తే అందులో సెకనుకు 22.8 కిలోబిట్లు పడతాయి. అది మారదు. సిగ్నల్ బాగున్నప్పుడు ఏఎంఆర్ 12.2 మోడ్‌లో నడుస్తుంది, మిగిలిన 10.6ను తప్పులు దిద్దే బిట్లకు వాడతారు. సిగ్నల్ పాడైతే కోడెక్ 4.75కు దిగుతుంది. అప్పుడు తప్పులు దిద్దడానికి 18 దాకా దొరుకుతుంది. గమనించావా, ఆ ఛానల్‌లో గాలిలో పోయే మొత్తం ఒక్క బిట్ కూడా తగ్గలేదు. గొంతు దగ్గర మిగిల్చిందంతా రక్షణ మీద ఖర్చు పెట్టారు. తక్కువ మోడ్ పనిచేసేది అందుకు. రవి గారు గొంతు దగ్గర మిగిల్చారు గానీ, ఆ మిగులును దేనికీ వాడలేదు.

ఆ తగ్గింపు ఉచితంగా కూడా రాదు. ఏఎంఆర్ 12.2లో ప్రతి 20 మిల్లీసెకండ్లకు 244 బిట్లు. అందులో నోటి ఆకారాన్ని చెప్పే ఫిల్టర్‌కు 38 పోతాయి. 140 బిట్లు మాత్రం ఆ ఫిల్టర్‌లోకి ఊదే గాలి ఎలా ఉందో చెప్పడానికి పోతాయి. మిగిలినవి గొంతు శ్రుతికీ, శబ్ద తీవ్రతకూ. 4.75లో మొత్తం 95 బిట్లే. నోటి ఆకారానికి 23 మిగిలాయి, అంత పెద్ద దెబ్బ కాదు. గాలి వివరానికి 140 నుంచి 36కు పడిపోయింది. అందుకే తక్కువ మోడ్‌లో అచ్చులు అర్థమవుతాయి, మాట అర్థమవుతుంది, మాట్లాడేది అన్నో తమ్ముడో పోల్చుకోవడం కష్టమవుతుంది. బుస, గరుకు, ఊపిరి అన్నీ ఆ 140లోనే ఉండేవి.

ఈ పద్ధతికి మూలం 1985లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన సెల్ప్. బిష్ణు అటల్, మన్‌ఫ్రెడ్ ష్రోడర్ చేశారు. అటల్ మన కాన్పూర్‌లో పుట్టినాయన. అప్పట్లో ఒక్క సెకను మాటను కోడ్ చేయడానికి క్రే సూపర్ కంప్యూటర్‌కు వంద సెకన్లకు పైగా పట్టింది. ఇప్పుడు ఆ పని మన జేబులో సెకనుకు 50 ఫ్రేముల చొప్పున జరిగిపోతోంది. తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నీ రెండో మాటకు వస్తే, ఏఎంఆర్ గానీ ఓపస్‌లో మాటకు వాడే భాగం గానీ భాషను గుర్తుపట్టవు. వాటి లోపల ఉన్నది ఒక గొంతు, ఒక నోరు. ల, ళ తేడా, న, ణ తేడా ఎక్కువగా 3,000 హెర్ట్జ్ లోపల కదిలే అనునాదాల్లోనే ఉంటాయి కాబట్టి ఇరుకు లైనులో కూడా చాలావరకు నిలుస్తాయి. ‘శ’ బుస ‘స’ కంటే కిందనుంచి మొదలవుతుంది, అదీ కొంత బతుకుతుంది. దీర్ఘాలకు ఏ ఇబ్బందీ లేదు. మన భాషలో నష్టపోయేది ముఖ్యంగా స, ఫ, ఇంకా ఒత్తుల్లోని ఊపిరి. అవి ఇంగ్లిష్ వాళ్లకూ పోతాయి.

న్యూరల్ కోడెక్‌ల విషయంలో మాత్రం నీ అనుమానంలో పస ఉంది. అవి విని నేర్చుకున్నవి కాబట్టి వేటి మీద నేర్పారన్నది ముఖ్యం. తక్కువ బిట్లలో అవి గొంతును మళ్లీ సృష్టిస్తాయి, శుభ్రంగా ఉన్నా తప్పు అక్షరం పలికే ప్రమాదం ఉంటుంది. మందు మోతాదు చెప్పే కాల్‌లో, మన రైతుల గొంతులతో పరీక్ష పెట్టకుండా నేనైతే వాడను.

గండికోట_కుర్రోడు (కడప)

లైరాను 70కి పైగా భాషల మాటలతో నేర్పామని వాళ్లు చెప్పారు సార్. అందుకే ధైర్యంగా చెప్పాను. ఛానల్ లెక్క మాత్రం ఇప్పుడే అర్థమైంది, మా పుస్తకంలో మోడ్‌ల పట్టిక ఉంది గానీ ఎందుకు దిగుతుందో రాయలేదు.

బురుజు_నీడ (కర్నూలు)

ఎన్ని భాషలన్నది ఒక మాట, ఉరవకొండ పొలంలో ఎద్దు పక్కన నిలబడి అరిచే గొంతు అన్నది ఇంకో మాట. పరీక్ష పెట్టి చూపిస్తే నేనే ముందు ఒప్పుకుంటాను.

హంద్రీనీవా_రవి (అనంతపురం)

నిన్న సాయంత్రం ఉరవకొండ వైపు నుంచి వచ్చిన ఒక కాల్ చూశాను. ప్యాకెట్లు నూటికి 8 వరకు పోయాయి. `concealedSamples`ను మొత్తంతో భాగిస్తే నూటికి 9. టౌన్ కాల్‌లో ఇవే అంకెలు ఒకటికి లోపు. మాట తెగినప్పుడు కొన్నిసార్లు ఆ అక్షరమే సాగినట్టు, రోబో పలికినట్టు వస్తోంది. కొన్నిసార్లు మాయమైపోతోంది.

ఒకటి అర్థం కాలేదు. `useinbandfec=1` అని పెట్టే ఉన్నాం కదా. పోయిన ప్యాకెట్‌ను తర్వాతి ప్యాకెట్ నుంచి తిరిగి తెచ్చుకోవాలి కదా. ఎందుకు తేవడం లేదు?

బురుజు_నీడ (కర్నూలు)

అసలు ముడి అక్కడే ఉంది. సెట్టింగ్‌లో రాసి ఉన్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు.

ఎఫ్‌ఈసీ అంటే ప్రతి ప్యాకెట్‌లో దాని ముందు ముక్క నాసిరకం నకలు ఒకటి పెట్టి పంపడం. ఆ నకలుకూ బిట్లు కావాలి, అవి మీరిచ్చిన రేటులోంచే తీయాలి. ఓపస్ ఎన్‌కోడర్‌లో దానికో గీత ఉంది. అతి ఇరుకు బ్యాండ్‌లో కూడా సుమారు 12 కిలోబిట్లు, వైడ్‌బ్యాండ్‌లో సుమారు 16. నష్టం తక్కువగా ఉన్నట్టు కనిపిస్తే ఈ గీత ఇంకొంచెం పైకి జరుగుతుంది. రేటు ఆ గీత కింద ఉంటే ఎన్‌కోడర్ నకలు పెట్టడం మానేస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. మీరు 6కు దించిన క్షణమే రక్షణ ఆగిపోయింది. 24 దగ్గర కొంతైనా ఉండేది.

అందువల్ల మీకు నా సలహా 20 కిలోబిట్లు, 40 మిల్లీసెకండ్లు:

```
a=rtpmap:111 opus/48000/2
a=fmtp:111 minptime=10;useinbandfec=1;maxaveragebitrate=20000
a=ptime:40
```

16 అని ఇందాక లెక్క కోసం చెప్పాను. మీ 8 శాతం నష్టానికి 16 దగ్గర ఎఫ్‌ఈసీ నడవాలంటే ఎన్‌కోడర్ తనంతట తానే బ్యాండ్‌ను కుదించుకుంటుంది, అప్పుడు అక్క చెప్పిన ఎస్, ఎఫ్ గొడవ మీకూ వస్తుంది. 20 దగ్గర వైడ్‌బ్యాండ్‌లోనే నిలబడుతుంది. లైను మీద మొత్తం 30 కిలోబిట్లు అవుతుంది, ఇప్పటికంటే 4 ఎక్కువ. ప్యాకెట్లు మాత్రం సగం.

ఇంకో మాట, ఈ సెట్టింగులు అవతలివాళ్లు మీకు ఎలా పంపాలో చెప్పేవి. రైతు వైపు ఒక్కటే మారిస్తే డాక్టరు గారి గొంతు ఒక్కటే బాగవుతుంది. రెండు వైపులా మార్చండి.

గండికోట_కుర్రోడు (కడప)

సార్, `opus/48000/2` అని ఉంది. రెండు ఛానళ్లు, స్టీరియో. మాటకు స్టీరియో ఎందుకు? అది 1 చేస్తే సగం మిగలదా?

బురుజు_నీడ (కర్నూలు)

ముట్టుకోవద్దు తమ్ముడూ. ఓపస్ కోసం ఆ సెట్టింగ్ ఎప్పుడూ అలాగే రాయాలని ప్రమాణంలోనే ఉంది. అది 1 చేస్తే అవతలి బ్రౌజర్ ఆ కోడెక్‌ను గుర్తుపట్టకుండా వేరే కోడెక్‌కు పోవచ్చు, సాధారణంగా 64 కిలోబిట్ల జీ.711కు. స్టీరియో కావాలంటే `stereo=1` అని విడిగా అడగాలి. మీరు అడగలేదు కాబట్టి మోనోనే పోతోంది.

ఆదోని_సౌండ్స్ (కర్నూలు)

నేను పెళ్లిళ్లకు సౌండ్ సిస్టం పెడతాను, కోడెక్‌ల లోతు తెలియదు. కానీ ఒకటి చెప్పగలను. రైతు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో చూడండి. మా పక్క జిన్నింగ్ మిల్లు దగ్గర నిలబడి ఫోన్ చేస్తే అవతలివాళ్లకు నీళ్లలోంచి గొణిగినట్టు వినపడుతుంది. అదే ఫోన్, అదే చోటు, మిల్లు ఆపితే బాగుంటుంది. బిట్లు పెంచి అంతా పంపితే మిల్లు శబ్దం, మాట రెండూ వేర్వేరుగా తెలుస్తాయి కదా. 48 కిలోబిట్లు పెట్టేయండి, ఈ పంచాయితీ ఎందుకు.

బురుజు_నీడ (కర్నూలు)

మీ పరిశీలన నిజం. నేను ఇందాక చెప్పిన ఒక గొంతు, ఒక నోరు అనే నమూనాలో మిల్లుకు చోటు లేదు. కోడెక్ ఆ మోతను కూడా మనిషి గొంతుగా వర్ణించబోతుంది, ఉన్న కొద్ది బిట్లూ దానికే పోతాయి, అందుకే నీళ్ల గొణుగుడు. రేటు పెంచితే ఇది తగ్గుతుందన్నదీ నిజమే. కానీ రవి గారి లైను 48 మోయలేదు. పెంచితే టవర్ దగ్గర ప్యాకెట్లు వరుసలో నిలబడిపోయి ఆలస్యం పెరుగుతుంది, మీరు మాట్లాడాక రెండు సెకన్లకు అవతల వినపడుతుంది. మోతను కోడెక్‌లోకి పోకముందే తీసేయడం మేలు. బ్రౌజర్‌లో `noiseSuppression` ఆన్‌లో ఉందో లేదో చూడండి.

ఆదోని_సౌండ్స్ (కర్నూలు)

ఆ నాయిస్ తీసే పద్ధతులు మాట చివర్లు కూడా తినేస్తాయి సార్, మైకుల్లో చూస్తూనే ఉంటాను. పూర్తిగా ఒప్పుకోలేను.

బురుజు_నీడ (కర్నూలు)

తింటాయి, కాదనను. మోత ఎంత ఉందన్న దాన్ని బట్టి ఏది తక్కువ నష్టమో చూసుకోవాలి. ఇంటి దగ్గర మాట్లాడే రైతుకు ఆపేసినా ఫర్వాలేదు.

హంద్రీనీవా_రవి (అనంతపురం)

సార్ చెప్పినట్టు రెండు వైపులా 20, 40 పెట్టాం. వారం రోజులు కాల్స్ చూశాక రాస్తున్నాను.

ఉరవకొండ వైపు తేడా స్పష్టంగా ఉంది. పోయే ప్యాకెట్లు నూటికి 8 నుంచి 5కు వచ్చాయి. concealed శాతం మాత్రం 9 నుంచి 2కు పడింది. అంటే ప్యాకెట్ పోయినా మాట నిలుస్తోంది. బావి గొంతు పోయింది. డాక్టరు గారు ‘ఇప్పుడు ఆవు దగ్గు కూడా వినపడుతోంది’ అన్నారు. ఆయనకు అది నిజంగానే కావాలి, దగ్గు పొడిదా తడిదా అని అడిగే పని తప్పింది.

రాయదుర్గం అవతల గుట్టల పక్కన ఉన్న రెండు ఊళ్లలో మాత్రం మార్పు పెద్దగా లేదు. అక్కడ మొత్తం నష్టం 6 శాతమే, అయినా concealed దాదాపు అంతే ఉంది. మిగతా చోట్ల పనిచేసిన ఎఫ్‌ఈసీ అక్కడ ఎందుకు పనిచేయడం లేదు?

బురుజు_నీడ (కర్నూలు)

అక్కడ ప్యాకెట్లు ఒక్కొక్కటిగా కాకుండా గుంపుగా పోతున్నాయి. ఎఫ్‌ఈసీ నకలు ఒక్క ప్యాకెట్ వెనక్కే చూస్తుంది. వరుసగా నాలుగు పోతే చివరిది ఒక్కటే తిరిగి వస్తుంది, ముందు మూడూ పోయినట్టే. 40 మిల్లీసెకండ్ల ప్యాకెట్లు మూడంటే 120 మిల్లీసెకండ్లు, ఒక అక్షరం పూర్తిగా గల్లంతు. గుట్ట చాటు నుంచి ఫోన్ రెండు టవర్ల మధ్య ఊగుతుంటే ఇలాగే అవుతుంది. `concealmentEvents` అనే అంకె కూడా చూడండి, వరుసగా నింపిన ముక్కలన్నిటినీ అది ఒక్కసారిగానే లెక్కపెడుతుంది. concealed ఎక్కువగా ఉండి, ఈ అంకె తక్కువగా ఉంటే గుంపు నష్టమే.

అందుకే నేను 60 మిల్లీసెకండ్లు పెట్టమనలేదు. హెడర్ ఇంకా మిగులుతుంది గానీ, ఒక్కటి పోయినా 60 మిల్లీసెకండ్ల మాట పోతుంది. డీకోడర్ పాత శబ్దాన్ని సాగదీసి దాచగలిగే హద్దు అక్కడికి దాటిపోతుంది.

గండికోట_కుర్రోడు (కడప)

సార్, 2024లో వచ్చిన ఓపస్ 1.5లో డ్రెడ్ అని ఒకటి ఉంది. న్యూరల్ పద్ధతిలో వెనకటి మాటను, ఒక సెకను దాకా, చాలా తక్కువ బిట్లలో కుదించి ప్రతి ప్యాకెట్‌లో పెడుతుంది. గుంపు నష్టానికే చేశారు. ఆ రెండు ఊళ్లకు ఇదే మందు అనుకుంటున్నాను. ఇది ఓపస్‌లోనే ఉంది కాబట్టి మీకూ అభ్యంతరం ఉండదు.

బురుజు_నీడ (కర్నూలు)

అభ్యంతరం ఏమీ లేదు, మంచి పని అది. పోయిన చోట మాత్రమే వాడుతుంది కాబట్టి మిగతా మాట అసలు గొంతుతోనే వస్తుంది. చిక్కు ఎక్కడంటే రెండు చివరలా అదే వెర్షన్, అదే ఆప్షన్‌తో కట్టిన లైబ్రరీ ఉండాలి. రైతు ఫోన్లో బ్రౌజర్ ఏ లైబ్రరీతో వచ్చిందో రవి గారి చేతిలో లేదు. సొంత ఆప్ చేస్తే కుదురుతుంది. బ్రౌజర్‌లోనే ఉండాలంటే `red` అనే పాత పద్ధతిలో ప్రతి ప్యాకెట్‌లో ముందు ప్యాకెట్లను పూర్తిగా పెట్టి పంపొచ్చు, బరువు రెట్టింపు దాకా పోతుంది. ఆ ఊళ్ల లైను దాన్ని మోస్తుందో లేదో పెట్టి చూస్తే గానీ చెప్పలేను.

హంద్రీనీవా_రవి (అనంతపురం)

సొంత ఆప్ అంటే ప్రతి రైతు ఫోన్లో ఇన్‌స్టాల్ చేయించాలి. అది మా వల్ల ఇప్పట్లో కాదు. ఆ రెండు ఊళ్లకు ప్రస్తుతానికి ఇలా చేస్తున్నాం: కాల్ మొదలైన మొదటి 20 సెకన్లలో concealed నూటికి 5 దాటితే తెరమీద డాక్టరు గారి మామూలు నంబరు చూపించి, దానికి చేయమని అడుగుతాం.

బురుజు_నీడ (కర్నూలు)

అది సరైన పనే. మామూలు కాల్‌కు టవర్ దగ్గర విడిగా చోటు కేటాయిస్తారు, గొంతు ఇరుకైనా మాట నిలుస్తుంది. మందు పేరు, మోతాదు మాత్రం మెసేజ్‌లో కూడా పంపించమనండి డాక్టరు గారిని.

గండికోట_కుర్రోడు (కడప)

రవన్నా, ఆ రెండు ఊళ్ల కాల్స్‌లో ప్యాకెట్లు ఎప్పుడు వచ్చాయి, ఎప్పుడు పోయాయి అన్న లాగ్ ఇస్తారా? మాట అక్కర్లేదు, టైములు చాలు. నా ప్రాజెక్టులో డ్రెడ్, `red` రెండింటినీ ఆ నష్టం మీదే నడిపి, పక్కపక్కన రికార్డింగులు పెడతాను. తెలుగు గొంతులు నేనే మా ఊళ్లో రికార్డు చేస్తాను, మిల్లు పక్కన కూడా.

హంద్రీనీవా_రవి (అనంతపురం)

ఇస్తాను తమ్ముడూ. రైతుల నంబర్లు తీసేసి సోమవారం పంపుతాను.

ఆదోని_సౌండ్స్ (కర్నూలు)

మిల్లు దగ్గర రికార్డింగ్‌కు మంచి మైకు కావాలంటే మా దగ్గర ఉంది. నాయిస్ తీసినది, తీయనిది రెండూ చేయండి, మన వాదన కూడా తేలిపోతుంది.